స్క్రాచ్ కార్డు, క్యాష్‌బ్యాక్, రిఫరల్ బోనస్: ఏ యాప్ ఉంచుకోవాలి, ఏది తీసెయ్యాలి

పాలకొల్లులో మాది మొబైల్ రిపేర్, రీఛార్జ్ షాపు. "ఫోన్ స్లో అయిపోయిందండీ, ఒకసారి చూడండి" అంటూ రోజూ ఇద్దరు ముగ్గురైనా వస్తారు. తెరిచి చూస్తే డబ్బులిస్తామని చెప్పే యాప్‌లు ఐదారు ఉంటాయి. ఒకటి నడిస్తే కాయిన్లు ఇస్తుంది, ఒకటి షాపింగ్‌కి క్యాష్‌బ్యాక్ ఇస్తుంది, ఇంకోటి ఎవరో చుట్టాలు లింక్ పంపితే మొహమాటానికి వేసుకున్నది. "వీటిలో ఏది ఉంచమంటారు, ఏది తీసెయ్యమంటారు?" అని అడుగుతారు. కౌంటర్ దగ్గర నిలబెట్టి రెండు నిమిషాల్లో చెప్పే సంగతి కాదు, అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నా.

## ముందు అడగాల్సిన ప్రశ్న

చాలామంది ఎంత ఇస్తారు అన్న దగ్గర మొదలుపెడతారు. నేను మాత్రం ఈ డబ్బు ఎవరి జేబులోంచి వస్తోంది అని ముందు చూడమంటాను. అది తెలిస్తే ఎంత వస్తుందో, ఎన్నాళ్లు వస్తుందో, బదులుగా మన దగ్గర ఏం తీసుకుంటారో చాలావరకు అర్థమైపోతుంది. షాపు కమీషన్‌లోంచి ఇచ్చేవాడికి మనం ఏం కొన్నామో తెలియాలి, లేకపోతే వాడికి కమీషన్ రాదు. కొత్త కస్టమర్ కోసం ఇచ్చేవాడికి కొత్త మనిషి పేరు, నంబర్ కావాలి, ఆ మనిషి వచ్చాక మళ్లీ ఇవ్వాల్సిన అవసరం వాడికి ఉండదు. ఎవరు ఇస్తున్నారో ఎంత వెతికినా కనబడకపోతే, ఆ డబ్బు మన వివరాల్లోంచో మనం కట్టబోయే డిపాజిట్‌లోంచో రావాలి.

తర్వాత చూడాల్సినవి రెండు. వచ్చేది బ్యాంకులో పడే డబ్బా, లేక ఆ యాప్‌లోనే ఖర్చుపెట్టాల్సిన పాయింట్లు, కూపన్లా? ఫోన్‌లో ఏయే పర్మిషన్లు అడుగుతోంది, అందులో దాని పనికి నిజంగా కావలసినవి ఎన్ని?

| రకం | డబ్బు ఎవరిది | చేతికి వచ్చేది | ఎప్పటికి | మన నుంచి వెళ్లేది |
|---|---|---|---|---|
| యూపీఐ స్క్రాచ్ కార్డు | యాప్ కంపెనీ ప్రచారం ఖర్చు, బ్రాండ్ల ప్రకటనలు | రూపాయల్లో, ఎక్కువగా కూపన్లే | వెంటనే | ఎవరికి, ఎప్పుడు, ఎంత కట్టామో |
| షాపింగ్ క్యాష్‌బ్యాక్ యాప్ | అమ్మిన షాపు ఇచ్చే కమీషన్ | బిల్లులో 1 నుంచి 5 శాతం దాకా | రెండు మూడు నెలలు | ఏ సైట్‌లో ఏం కొన్నామో |
| క్రెడిట్ కార్డు | షాపు కట్టే ఛార్జీ, ఆలస్యంగా కట్టేవాళ్ల వడ్డీ | 1 నుంచి 5 శాతం | నెల బిల్లులోనే | మొత్తం ఖర్చుల చిట్టా, బ్యాంకు దగ్గర |
| రిఫరల్ బోనస్ | కొత్త కస్టమర్ కోసం కంపెనీ పెట్టే ఖర్చు | ఒక్కసారి, షరతుల మీద | కొన్ని రోజుల నుంచి నెల | మనతో పాటు మనవాళ్ల వివరాలు |
| కాయిన్లు, యాడ్‌లు చూసే యాప్‌లు | యాడ్‌లు ఇచ్చేవాళ్లు | గంటకు ఐదారు రూపాయలు | చాలాసార్లు రాదు | లొకేషన్, ఫోన్‌లోని యాప్‌ల జాబితా, మన సమయం |

## యూపీఐ యాప్‌ల స్క్రాచ్ కార్డులు

2017, 18 ప్రాంతంలో ఈ యాప్‌లు కొత్తగా వచ్చినప్పుడు స్క్రాచ్ చేస్తే యాభై, వంద పడిన రోజులు మనందరికీ గుర్తే. అప్పుడు జనాన్ని అలవాటు చెయ్యడం వాళ్లకి అవసరం, ఇప్పుడు ఆ అవసరం తీరిపోయింది. పైగా బ్యాంకు అకౌంట్ నుంచి యూపీఐతో షాపులో కడితే షాపువాడి దగ్గర ఛార్జీ తీసుకోకూడదని 2020 జనవరి నుంచి రూల్ ఉంది, కాబట్టి మనం చేసే పేమెంట్ల మీద ఆ యాప్‌కి పెద్దగా మిగిలేది లేదు. లోన్లు, ఇన్సూరెన్సులు అమ్మడం, రీఛార్జ్ మీద ప్లాట్‌ఫామ్ ఫీజు, మా లాంటి షాపుల నుంచి సౌండ్ బాక్స్ అద్దె, వాళ్ల ఆదాయం ఇలాంటి వాటి మీదే.

గత మూడు నెలలు నా సొంత ఫోన్‌లో పడిన కార్డులన్నీ ఒక పుస్తకంలో రాశాను. మొత్తం 64 కార్డులు, అందులో డబ్బు వచ్చినవి 11, అన్నీ కలిపి 47 రూపాయలు. మిగతావన్నీ కూపన్లే, ఏదో సబ్‌స్క్రిప్షన్ మీద తగ్గింపో, నేను ఎప్పుడూ కొనని బ్రాండ్ వస్తువు మీద తగ్గింపో. ఆ మూడు నెలల్లోనే అదే యాప్‌లో ఇంట్లో నాలుగు ఫోన్లకి రీఛార్జ్ చేస్తే ఒక్కోదానికి రెండు రూపాయల ఫీజు పడింది. అంటే మూడు నెలల్లో 12 రీఛార్జ్‌లకి 24 రూపాయలు. 47లోంచి 24 తీసేస్తే నికరంగా మిగిలింది 23 రూపాయలు. రీఛార్జ్‌ని సిమ్ కంపెనీ సొంత యాప్‌లోనే చేస్తే చాలాసార్లు ఆ ఫీజు ఉండదు.

డేటా సంగతికొస్తే, యూపీఐ యాప్‌కి ఎస్సెమ్మెస్ పర్మిషన్ ఎందుకని అడిగేవాళ్లున్నారు. మొదటిసారి రిజిస్టర్ చేసేటప్పుడు మన సిమ్ నుంచి ఒక మెసేజ్ బ్యాంకుకి వెళ్తుంది, ఈ నంబర్ ఈ ఫోన్‌లోనే ఉందని దాంతో తేల్చుకుంటారు. కాబట్టి ఆ అనుమతి అడగడంలో అర్థం ఉంది. కాంటాక్ట్స్ అలా కాదు, నంబర్ కొట్టో క్యూఆర్ స్కాన్ చేసో కట్టొచ్చు, కాబట్టి అది ఆపేసినా పని నడుస్తుంది.

ఈ రకం యాప్ ఎలాగూ ఉండాలి, పేమెంట్ల కోసం. స్క్రాచ్ కార్డు కోసమని మాత్రం ఒకటికి మూడు యాప్‌లు పెట్టుకోకండి.

## షాపింగ్ క్యాష్‌బ్యాక్ యాప్‌లు

ఇందులో నిజంగానే డబ్బు ఉంది, పోగొట్టుకునే దారులూ ఇందులోనే ఎక్కువ, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ముందు క్యాష్‌బ్యాక్ యాప్ తెరవాలి, అందులో మనకి కావలసిన షాపింగ్ సైట్ బొమ్మ మీద నొక్కాలి. అప్పుడు ఒక ప్రత్యేకమైన లింక్ ద్వారా ఆ సైట్ తెరుచుకుంటుంది. మనం కొంటే, ఈ కస్టమర్ ఫలానా యాప్ పంపితే వచ్చాడని ఆ లింక్‌ని బట్టి సైట్ గుర్తుపట్టి యాప్‌కి కమీషన్ ఇస్తుంది, అందులో కొంత మనకి ఇస్తారు. మొత్తం ఆట ఆ లింక్ మీదే ఉంది, అది మధ్యలో తెగిందా, క్యాష్‌బ్యాక్ పోయినట్టే.

పోయిన సంక్రాంతికి మా చెల్లి అమలాపురం నుంచి ఫోన్ చేసి మిక్సీ కొంటున్నానని చెప్పింది. ధర 4,200. క్యాష్‌బ్యాక్ యాప్‌లో ఆ సైట్ పక్కన "5% వరకు" అని ఉంది. నాలుగు వేల రెండొందలకి ఐదు శాతం అంటే 210 వస్తుందని తను లెక్కేసుకుంది. నేను షరతులు తెరిచి చదివాను. ఐదు శాతం బట్టల మీద, వంటింటి సామాన్ల మీద మూడే. ఆ మూడు కూడా జీఎస్టీ తీసేసిన ధర మీద. మిక్సీ మీద జీఎస్టీ 18 శాతం, అంటే 4,200లో అసలు ధర సుమారు 3,559. దాని మీద మూడు శాతం 107 రూపాయలు. 210 అనుకున్నది సగానికి దిగిపోయింది, అయినా ఊరికే వచ్చే 107ని వద్దనుకోవాల్సిన పని లేదు కదా అని సరే కొను అన్నాను.

రెండు రోజుల్లో యాప్‌లో 107 "పెండింగ్" అని కనబడింది. వస్తువు వెనక్కిచ్చే గడువు దాటాలి, సైట్ కమీషన్ ఖాయం చెయ్యాలి, ఆ తర్వాతే "కన్‌ఫర్మ్". అది రెండు నెలల పైన పట్టింది. తీరా కన్‌ఫర్మ్ అయ్యాక చూస్తే 250 నిండితేనే బ్యాంకుకి పంపుతారట. తను ఏడాదికి మూడు నాలుగు సార్లు ఆన్‌లైన్‌లో కొంటుంది, అవి కూడా ఎక్కువగా పిల్లల బట్టలు, చిన్న సామాన్లు. ఆ 107 ఇంకా అందులోనే ఉంది.

అదే నెలలో నేను నా షాపుకి 6,800 పెట్టి ఒక సామాను తెప్పించాను, దానికి అసలు ఏమీ రాలేదు. ఆర్డర్ నంబర్, స్క్రీన్‌షాట్ పంపి కంప్లైంట్ పెడితే వారం తర్వాత జవాబు వచ్చింది, మీరు లింక్ నొక్కేటప్పటికే ఆ వస్తువు కార్ట్‌లో ఉంది, కాబట్టి లెక్కలోకి రాదు అని. షరతుల్లో ఆ మాట నిజంగానే ఉంది, నేనే చూడలేదు. అప్పటి నుంచి నా పద్ధతి ఇది: కార్ట్ ఖాళీగా ఉంచి లింక్ నొక్కడం, నొక్కాకే వస్తువు వెయ్యడం, బిల్లు కట్టేదాకా వేరే ధరల సైట్‌కి గానీ కూపన్ సైట్‌కి గానీ వెళ్లకపోవడం, యాప్‌లో చూపించని కూపన్ కోడ్ కొట్టకపోవడం. గిఫ్ట్ కార్డుతో కట్టినా చాలా చోట్ల రాదు. అయితే ఒక్కోసారి బయట దొరికిన కూపనే 300 తగ్గిస్తుంది, అప్పుడు మూడు నెలల తర్వాత వచ్చే వంద కోసం చేతిలో ఉన్న 300 వదులుకోకండి.

వీళ్ల దగ్గరికి వెళ్లే సమాచారం ఏ సైట్‌కి వెళ్లాం, ఎంత బిల్లు, ఆర్డర్ నంబర్ ఎంత అన్నవి. ఈ వ్యాపారానికి అంతవరకు తప్పదు. కానీ కొన్ని యాప్‌లు ఇంకో అడుగు వేసి మీ మెయిల్ చదవడానికి అనుమతి అడుగుతాయి, ఆర్డర్ మెయిల్స్‌ని వాటంతటవే పట్టుకుంటామని చెప్తాయి. మెయిల్‌లో బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆసుపత్రి రిపోర్టులు, పిల్లల కాలేజీ కాగితాలు అన్నీ ఉంటాయి, 107 రూపాయలకి అంత ఇవ్వకండి. కూపన్లు మేమే అతికిస్తామంటూ `Accessibility` అనుమతి అడిగే యాప్‌ని కూడా తీసెయ్యండి. ఆ అనుమతి ఉన్న యాప్ స్క్రీన్ మీద కనబడేది చదవగలదు, మన బదులు నొక్కగలదు కూడా.

## క్రెడిట్ కార్డు

రేటు చూసుకుంటే అన్నిటికంటే శుభ్రంగా ఇచ్చేది ఇదే. ఏదైనా ఒక షాపింగ్ సైట్‌తో కలిసి బ్యాంకు ఇచ్చే కార్డయితే ఆ సైట్‌లో 3 నుంచి 5 శాతం దాకా వస్తుంది, లింక్ గొడవ లేదు, మామూలుగా ఆ నెల బిల్లులోనో తర్వాతి బిల్లులోనో తగ్గుతుంది. మా చెల్లి మిక్సీనే ఐదు శాతం కార్డుతో కొని ఉంటే 210కి దగ్గరగా వచ్చేది. క్యాష్‌బ్యాక్ కాకుండా పాయింట్లు ఇచ్చే కార్డయితే ఒక్కో పాయింట్ విలువ చాలాసార్లు 20, 25 పైసలే, వెయ్యి పాయింట్లు అంటే రెండొందలు, రెండొందల యాభై అన్నమాట. ఆ పాయింట్లు మార్చుకోవడానికి మళ్లీ ఫీజు తీసుకునే కార్డులూ ఉన్నాయి.

ఇక దీని అసలు ఖర్చు చూడండి. నెలకి మూడున్నర శాతం వడ్డీ వేసే కార్డులో పదివేల బాకీ ఒక్క నెల మిగిల్చితే 350 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ 63, మొత్తం 413. ఐదు శాతం చొప్పున 413 సంపాదించాలంటే ఎనిమిది వేలకి పైగా కొనాలి. పైగా బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది.

మన డెల్టాలో ఇది ప్రత్యేకంగా ఆలోచించాల్సిన విషయం. ఉద్యోగస్తులకి ఒకటో తారీకు జీతం పడుతుంది, పదిహేనో తారీకు బిల్లు కడతారు, సరిపోతుంది. వరి రైతుకి సార్వా, దాళ్వా డబ్బు రెండు విడతల్లో వస్తుంది, అదీ ధాన్యం డబ్బులు ఎప్పుడు పడతాయో చెప్పలేం. రొయ్యల చెరువైతే పట్టుబడి దాకా మూడు నాలుగు నెలలు పెట్టుబడే, ఈలోగా తెల్లమచ్చ వస్తే చెరువే ఖాళీ చెయ్యాలి. నెలనెలా బిల్లు కట్టాల్సిన వస్తువుని పంటకోసారి డబ్బొచ్చే ఇంట్లో పెట్టుకుంటే ఐదు శాతం రావడం కాదు, ఉన్నది పోతుంది. మా బావకి వేండ్ర దగ్గర చెరువులున్నాయి, ఆయనకి కార్డు వద్దనే చెప్పాను.

## రిఫరల్ బోనస్

మిగతావన్నీ మన ఒక్కరి విషయం. ఇది మనవాళ్లతో ముడిపడిన విషయం, అందుకే దీనిమీద నాకు పట్టింపు ఎక్కువ.

మా మేనల్లుడు భీమవరంలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. షేర్ల ట్రేడింగ్ యాప్ ఒకదానిలో ఒక్కో ఫ్రెండ్‌ని చేర్పిస్తే 300 అని చూసి హాస్టల్లో ఇరవై మందికి లింక్ పంపాడు. ఇరవై మూడొందలు ఆరు వేలు అని వాడి లెక్క. యాప్ వేసుకున్నవాళ్లు 11 మంది. ఆధార్, పాన్, సెల్ఫీ, సంతకం, బ్యాంకు అకౌంట్ అన్నీ ఇచ్చి అకౌంట్ తెరిచినవాళ్లు 5 మంది. అయితే తెరిస్తే చాలదు, ముప్ఫై రోజుల్లో మొదటి ట్రేడ్ కూడా చెయ్యాలి, అది చేసినవాళ్లు ముగ్గురు. అంటే మనవాడికి వచ్చింది 900. ఆ ముగ్గురిలో ఒకడు షరతు తీరాలని ఆప్షన్స్, అంటే షేరు ధర పెరుగుతుందో తగ్గుతుందో అని పందెం లాంటివి, కొని 1,400 పోగొట్టుకున్నాడు. 2024 సెప్టెంబర్‌లో షేర్ మార్కెట్‌ని అదుపు చేసే సెబీ ఇచ్చిన లెక్క ప్రకారం అంతకు ముందు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసిన వ్యక్తిగత మదుపరుల్లో 93 శాతం మంది నష్టపోయారు. తన లింక్ వల్ల ఫ్రెండ్‌కి పోయిన డబ్బు గురించి వాడికి చాలా రోజులు మనసు పాడైంది. ట్రేడ్ చెయ్యకుండా వదిలేసిన మిగతా ఇద్దరి పాన్, ఆధార్, ఫొటో మాత్రం ఆ కంపెనీ దగ్గరే ఉన్నాయి.

రిఫరల్ లింక్ చేతికొచ్చినప్పుడు షరతుల్లో మూడు చూడండి. డబ్బు ఎప్పుడు వస్తుంది: వేసుకుంటే వస్తుందా, కేవైసీ అయ్యాకా, మొదటి పేమెంట్ అయ్యాకా? నెలకి ఎంతమంది దాకా లెక్కేస్తారు? వచ్చేది డబ్బా, అదే యాప్‌లో వాడుకునే క్రెడిట్టా? ఇక పంపేటప్పుడు లింక్‌ని వాట్సాప్‌లో కాపీ చేసి పంపండి, "కాంటాక్ట్స్ నుంచి ఎంచుకోండి" అని యాప్ అడిగితే ఒప్పుకోకండి. ఒప్పుకుంటే మనం ఎంచుకున్న ఒక్కరి నంబరే కాదు, ఫోన్‌లో ఉన్న పేర్లన్నీ వాళ్లకి చేరే వీలుంది, ఆ మనుషుల్లో ఎవరూ దానికి సరే అనలేదు కదా.

కోనసీమలో గల్ఫ్ వెళ్లినవాళ్లు ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి ఇంకో మాట. డబ్బు పంపే యాప్‌లు కూడా మొదటిసారి పంపితే 500 బోనస్ అంటాయి. అక్కడ బోనస్ కంటే రేటు చూడాలి. మూడు వేల దిర్హమ్‌లు పంపేటప్పుడు పక్క యాప్ కంటే దిర్హమ్‌కి 20 పైసలు తక్కువ ఇస్తే 600 పోయినట్టు, 500 బోనస్ వచ్చినా వంద నష్టమే. తర్వాతి నెల బోనస్ ఉండదు, తక్కువ రేటు మాత్రం అలాగే ఉంటుంది. ఫీజు, రేటు రెండూ కలిపి చివరికి ఇక్కడ అకౌంట్లో ఎన్ని రూపాయలు పడతాయో ఆ ఒక్క అంకె పోల్చుకోండి.

ఎవరైనా ముందు మీరు ఇంత కట్టి చేరండి, మీ కింద మనుషుల్ని చేర్చండి, వాళ్లు కట్టిన దాంట్లోంచి మీకు ఇస్తాం అంటే అది రిఫరల్ బోనస్ కాదు, గొలుసుకట్టు. 1978 నాటి చట్టం ప్రకారం అది నేరం, చేర్పించినవాళ్ల మీద కూడా కేసు వస్తుంది.

## కాయిన్లు, యాడ్‌లు, టాస్కులు

నడిస్తే కాయిన్లు, యాడ్ చూస్తే కాయిన్లు ఇచ్చే యాప్ ఒకటి పాత ఫోన్‌లో వేసి నేనే తొమ్మిది రోజులు చూశాను. రోజుకి 40 నిమిషాల చొప్పున మొత్తం ఆరు గంటలు. కాయిన్లని రూపాయల్లోకి మారిస్తే 38. గంటకి ఆరు రూపాయల చిల్లర. విత్‌డ్రా చెయ్యాలంటే 50 నిండాలి, 30 దాటాక ఒక్కో యాడ్‌కి ఇచ్చే కాయిన్లు తగ్గిపోయాయి. తొమ్మిదో రోజు ఆపేశాను, ఆ 38 నాకు రాలేదు. ఈలోగా అది లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచమంది, `Usage access` అడిగింది. ఆ రెండోది ఇస్తే మనం ఏ యాప్ ఎంతసేపు వాడుతున్నామో అన్నీ తెలుస్తాయి.

సర్వే యాప్‌లు కాస్త నయం. గూగుల్ ఒపీనియన్ రివార్డ్స్ లాంటివి చిన్న ప్రశ్నలు అడిగి కొద్ది రూపాయలు ఇస్తాయి, ఆండ్రాయిడ్‌లో అది ప్లే స్టోర్ క్రెడిట్‌గా వస్తుంది, ఏడాదిలోపు వాడుకోవాలి. "ఈ మధ్య ఫలానా షాపుకి వెళ్లారా" అని అడుగుతోందంటే మన లొకేషన్ చూసి అడుగుతోందని తెలుసుకుని వాడండి.

టాస్కుల సంగతి వేరు, ఇందులో ఇళ్లే మునిగిపోతున్నాయి. మా షాపుకొచ్చే ఒకావిడకి టెలిగ్రామ్‌లో మెసేజ్ వచ్చింది, వీడియోలకి లైక్ కొడితే డబ్బులని. మొదటి రోజు 150, రెండో రోజు 200 నిజంగానే అకౌంట్లో పడ్డాయి. మూడో రోజు "ప్రీపెయిడ్ టాస్క్", వెయ్యి కడితే 1,300 వస్తుందన్నారు, వచ్చింది. తర్వాత ఐదు వేలు, తర్వాత పదిహేను, స్క్రీన్ మీద లాభం పెరుగుతూ కనబడుతోంది, తియ్యబోతే ట్యాక్స్ కట్టమన్నారు. మొత్తం 38 వేలు పోయాక మా దగ్గరికొచ్చింది. మొదటి రెండు రోజుల్లో పడిన ఆ 350 వాళ్ల పెట్టుబడి. ఇలా జరిగితే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యాలి, `cybercrime.gov.in`లో కూడా పెట్టొచ్చు. డబ్బు ఇంకా అవతలి అకౌంట్లో ఉండగానే ఆపగలిగితేనే తిరిగొచ్చే ఆశ ఉంటుంది, గంటలు గడిచేకొద్దీ అది ఇంకో నాలుగు అకౌంట్లకి వెళ్లిపోతుంది. క్యాష్‌బ్యాక్ రావాలంటే యూపీఐ పిన్ కొట్టమని ఎవరన్నా అడిగితే అది కూడా మోసమే, డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

## ఎస్సెమ్మెస్ పర్మిషన్ ఇస్తే ఏం తెలుస్తుంది

ఒక్క రైతు ఫోన్ తీసుకుందాం. బ్యాంకు మెసేజ్‌లలో ఏముంటాయి? పట్టుబడి రోజు రొయ్యల కొనుగోలుదారు వేసిన మొత్తం, దాని తర్వాత బ్యాలెన్స్, మేత డీలర్‌కి వెళ్లిన డబ్బు, బంగారం లోన్ గడువు ఫలానా తేదీ అని, కరెంటు బిల్లు, పిల్లల ఫీజు. ఆర్నెల్ల మెసేజ్‌లు వరసగా చదివితే ఈ మనిషికి ఎప్పుడు డబ్బొస్తుంది, ఎప్పుడు ఇబ్బంది పడతాడు అన్నది ఇంట్లోవాళ్ల కంటే బాగా తెలుస్తుంది. ఇబ్బందిలో ఉన్న వారమే లోన్ ఆఫర్ కనబడితే మనిషి కాదనలేడు. అందుకే రివార్డ్ యాప్ ఎస్సెమ్మెస్ అడిగితే నేను ఒప్పుకోను. లోన్ ఇచ్చే యాప్‌లు కాంటాక్ట్స్, కాల్ లాగ్, ఫొటోలు ముట్టుకోకూడదని 2022లోనే రిజర్వ్ బ్యాంక్ చెప్పింది, అడిగినదంటే ఆ యాప్‌ని అనుమానించాల్సిందే.

ఫోన్‌లో `Settings`లోకి వెళ్లి `Privacy`లో `Permission manager` తెరిస్తే ఎస్సెమ్మెస్, లొకేషన్, కాంటాక్ట్స్ ఎవరెవరి చేతిలో ఉన్నాయో జాబితా కనబడుతుంది. `Special app access`లో `Notification access` కూడా చూడండి, ఓటీపీ నోటిఫికేషన్ దాంతో చదవొచ్చు. కంపెనీని బట్టి ఈ పేర్లు కాస్త అటూ ఇటూగా ఉంటాయి, సెట్టింగ్స్‌లో పైన వెతికే చోట టైప్ చేస్తే దొరుకుతాయి. ప్లే స్టోర్‌లో యాప్ కింద ఉండే `Data safety` కూడా చదవండి, అయితే అది యాప్ కంపెనీ తనంతట తాను రాసుకున్నదని గుర్తుంచుకోండి.

## ఎవరికి ఏది

నెల జీతం ఉండి, బిల్లు ఎప్పుడూ పూర్తిగా కట్టే అలవాటు ఉన్నవాళ్లకి ఏడాది ఫీజు లేని క్యాష్‌బ్యాక్ కార్డు ఒకటి చాలు, మిగతావి అనవసరం. కార్డు లేకుండా ఏడాదికి ఇరవై, ముప్ఫై వేలు ఆన్‌లైన్‌లో కొనే ఇల్లయితే ఒక్క క్యాష్‌బ్యాక్ యాప్ పెట్టుకోండి, మెయిల్, ఎస్సెమ్మెస్ ఇవ్వకుండా వాడితే ఐదారు వందలు రావచ్చు. మా చెల్లిలా అప్పుడప్పుడూ కొనేవాళ్లకి 250 నిండడమే కష్టం, కొనేటప్పుడు బ్యాంకు ఆఫర్ ఉందేమో చూసుకుంటే చాలు. పంట మీద బతికేవాళ్లకి మామూలు యూపీఐ యాప్ ఒక్కటే నా సలహా. చదువుకునే పిల్లలకి రిఫరల్ మీద ఆశ ఎక్కువ, వాళ్లకి ఒకటే చెప్తాను: మీరు ఆర్నెల్లు వాడి బాగుందనుకున్న యాప్‌నే పంపండి, అది కూడా అడిగినవాళ్లకే.

తీసేద్దామనుకున్న యాప్‌ని నేరుగా అన్‌ఇన్‌స్టాల్ చెయ్యకండి, అలా చేస్తే ఫోన్‌లోంచి పోతుంది గానీ వాళ్ల సర్వర్‌లో మన అకౌంట్ అలాగే ఉంటుంది. ముందు యాప్‌లో ప్రొఫైల్‌లోనో సెట్టింగ్స్‌లోనో `Delete account` వెతికి నొక్కండి, అకౌంట్ తెరిపించే యాప్‌లు ఈ దారి పెట్టాలని ప్లే స్టోర్ రూల్. అది అయ్యాక అన్‌ఇన్‌స్టాల్ చేసి, గూగుల్ సెట్టింగ్స్‌లో యాడ్స్ కింద ఉన్న `Delete advertising ID` కూడా నొక్కండి. బ్యాలెన్స్ ఏమన్నా ఉంటే మాత్రం వీటన్నిటికంటే ముందు బ్యాంకుకి పంపేసుకోండి, అకౌంట్ డిలీట్ అయితే ఆ డబ్బూ పోతుంది.